నాలుగింటి సూది

అందరికీ నమస్కారం. చివరి ఏడాది పిల్లలకు ఏదైనా ఒక కేసు గురించి చెప్పమని ప్రిన్సిపాల్ మేడమ్ అడిగారు. ముప్పై ఏళ్ల సర్వీసులో కేసులకు కొదవ ఏముంటుంది? అయినా ఆమె అడగగానే నా కళ్ల ముందుకు వచ్చింది ఒక్కటే. అప్పటికి నేను సిస్టర్‌ని కూడా కాలేదు. మీలాగే జీఎన్ఎం నర్సింగ్ చివరి ఏడాదిలో ఉన్నాను. ఊరి పేరు, ఆసుపత్రి పేరు చెప్పను. జిల్లాలో ఒక పెద్దాసుపత్రి అనుకోండి, చాలు. దీన్ని ఒక కథలాగే చెబుతాను. మధ్యలో ఆగి కొన్ని వివరాలు చెబుతాను, వాటిని మాత్రం జాగ్రత్తగా వినండి.

ముందు పరీక్ష సంగతి.

ఆ రాత్రికి మూడు వారాల ముందు మాకు మిడ్‌వైఫరీ ఇంటర్నల్ పరీక్ష జరిగింది. అందులో ఒక మార్కు ప్రశ్న ఒకటి వచ్చింది. పేపర్ ఇంగ్లిష్‌లోనే ఉండేది, నేను తెలుగులో చెబుతాను. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తున్న రోగిలో మందు విషంగా మారుతోందని చెప్పే మొదటి గుర్తు ఏది? నాలుగు జవాబులు ఇచ్చారు. శ్వాస తగ్గడం, మూత్రం తగ్గడం, మోకాలి రిఫ్లెక్స్ పోవడం, గుండె ఆగిపోవడం. నేను మూత్రం తగ్గడం అని టిక్ పెట్టి వచ్చాను. తప్పయింది.

ఒక్క మార్కే కదా అని ఊరుకోలేకపోయాను. పేపర్ పట్టుకుని మా ట్యూటర్ దగ్గరికి వెళ్లాను. "మేడమ్, పుస్తకంలో మూత్రం కూడా చూడాలని రాసుంది కదా, మరి నాకు మార్కు ఎందుకు ఇవ్వలేదు?" అని అడిగాను. ఆవిడది పల్లెటూరు, వ్యవసాయ కుటుంబం. నన్ను కూర్చోబెట్టి, పేపర్ వెనక పెన్సిల్‌తో ఒక చెరువు బొమ్మ గీసింది.

"ఇదిగో, ఇది చెరువు. పైనుంచి నీళ్లు వస్తున్నాయి, అంటే నువ్విచ్చే మందు. కింద తూము ఉంది, అది కిడ్నీ. మెగ్నీషియం బయటికి పోవడానికి ఒంట్లో ఇంకో దారి లేదు, అంతా మూత్రంలోనే పోవాలి. తూము మూసుకుపోతే చెరువు నిండుతుంది. మూత్రం తగ్గడమంటే తూము మూసుకుపోవడం. అది కారణం, గుర్తు కాదు. నీళ్లు ఎక్కువయ్యాయని ముందు ఎక్కడ తెలుస్తుంది? కట్ట మీద నిలబడి చూస్తే తెలుస్తుంది. ఆ కట్టే మోకాలి రిఫ్లెక్స్. కట్ట తెగి ఊరు మునిగాక తెలిసేది శ్వాస."

ఆ పెన్సిల్ బొమ్మ నా దగ్గర చాలా ఏళ్లు ఉంది.

ఇక ఆ రాత్రి.

కాన్పుల వార్డు. ఇరవై నాలుగు మంచాలు, ముప్పై మందికి పైగా బాలింతలు. డ్యూటీలో ఒక స్టాఫ్ సిస్టర్, ఒక ఆయా, ఇద్దరం స్టూడెంట్లం. రెండో అమ్మాయిని పది గంటలకే లేబర్ రూమ్‌కి పిలిపించుకున్నారు. పన్నెండో మంచం మీద ఇరవై రెండేళ్ల అమ్మాయి ఉంది. మొదటి కాన్పు. సన్నటి మనిషి, తొమ్మిదో నెలలో కూడా యాభై కిలోలు లేదు. ఆ రోజు మధ్యాహ్నం మూడున్నరకి తలనొప్పి, కళ్లు మసకలు అంటూ వచ్చింది. బీపీ 170/110. మూత్రంలో అల్బుమిన్ మూడు ప్లస్‌లు. ఊళ్లలో పెద్దవాళ్లు గుర్రపువాతం అనేది ఇలాంటి వాళ్లకే వస్తుంది. మేము ఎక్లాంప్సియా అంటాం. ఇంకా ఫిట్స్ రాలేదు గానీ వచ్చే దారిలో ఉంది. నాలుగింటికి మెగ్నీషియం మొదలుపెట్టారు. ఆరింటికి వెన్నులో మత్తు ఇచ్చి సిజేరియన్ చేశారు. పాప బరువు తక్కువని పిల్లల వార్డుకి పంపారు. తల్లి మా వార్డుకి వచ్చింది.

ఇక్కడ మందు లెక్క చెప్పాలి. అది లేకపోతే మిగతా కథ అర్థం కాదు.

అప్పుడు మా దగ్గర వాడేది ప్రిచర్డ్ పద్ధతి. మెగ్నీషియం సల్ఫేట్ 50 శాతం ఆంపుల్ 2 మి.లీ. ఉంటుంది. అందులో ఒక గ్రాము మందు ఉంటుంది. మొదటి డోసు 14 గ్రాములు. అందులో 4 గ్రాములు పలచన చేసి నరంలోకి మెల్లగా ఇస్తారు, మిగతా 10 గ్రాములు పిరుదుల్లో చెరో 5 గ్రాములు లోతుగా ఇస్తారు. ఆ తరవాత ప్రతి నాలుగు గంటలకి 5 గ్రాములు, ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు. కాన్పయ్యాక గానీ చివరి ఫిట్ తరవాత గానీ 24 గంటలు నిండే వరకు ఇది సాగాలి. మంచి మందు. అందులో నాకు ఏ సందేహమూ లేదు. 33 దేశాల్లో పది వేల మందికి పైగా గర్భిణుల మీద చేసిన మ్యాగ్‌పై ట్రయల్ ఫలితాలు 2002లో వచ్చాయి. ఈ మందు ఇస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం సగానికి సగం తగ్గుతుందని అందులో తేలింది. చవకైన మందు, ఫ్రిజ్ అక్కర్లేదు, పీహెచ్‌సీలో కూడా మొదటి డోసు ఇవ్వొచ్చు. ఎందరు తల్లులు ఈ మందు వల్ల ఇంటికి వెళ్లారో నా కళ్లతో చూశాను.

అయితే ప్రతి డోసుకీ ముందు మూడు విషయాలు చూడాలి. మోకాలి రిఫ్లెక్స్ ఉందా? శ్వాస నిమిషానికి 16కి తగ్గకుండా ఉందా? గడిచిన నాలుగు గంటల్లో మూత్రం కనీసం 100 మి.లీ. వచ్చిందా? కొన్ని ప్రోటోకాల్స్‌లో గంటకి 30 మి.లీ. అని ఉంటుంది, దాదాపు అంతే. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ డోసు ఇవ్వకూడదు, డాక్టర్‌కి చెప్పాలి.

ఎనిమిదింటికి మేము డ్యూటీలోకి వచ్చేసరికి సాయంత్రం వాళ్లు 5 గ్రాములు ఇచ్చేశారు. పన్నెండింటి డోసు సిస్టర్ ఇచ్చింది. ఆంపుల్స్ పగలగొట్టి సిరంజిలో నింపింది నేనే. ట్రే పట్టుకుని పక్కన నిలబడింది కూడా నేనే. అప్పుడు రిఫ్లెక్స్ చూశామా అంటే చూడలేదు. ఆ అమ్మాయి పక్కకి తిరగడానికి తనే కాళ్లు ముడుచుకుంది, మంచినీళ్లు అడిగింది. సిస్టర్ చార్ట్ చూసింది. శ్వాస 18, యూరిన్ 300 అని రాసి ఉంది. బాగానే ఉంది కదా అనుకున్నాం. నేనూ అలాగే అనుకున్నాను. ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

మూడున్నరకి మూడో మంచం బాలింతకి బ్లీడింగ్ మొదలైంది. సిస్టర్, పీజీ డాక్టర్, ఆయా అందరూ అక్కడే ఉన్నారు. సిస్టర్ అక్కణ్నించే కేకేసింది. "అమ్మాయ్, పన్నెండో బెడ్‌కి నాలుగింటి మ్యాగ్‌సల్ఫ్ నింపి పెట్టు, రెండు నిమిషాల్లో వస్తాను."

అయిదు ఆంపుల్స్ పగలగొట్టాను. పది మి.లీ. సిరంజి నిండుగా వచ్చింది. నొప్పి తెలియకుండా కొంచెం లిగ్నోకెయిన్ కలిపాను. ట్రేలో పెట్టి మంచం దగ్గరికి వెళ్లాను. ఆ అమ్మాయి తల్లి కింద చాప మీద కూర్చుని ఉంది. ఆమె నా వైపు చూసి అంది, "పాపా, మా అమ్మాయికి మాట ముద్దగా వస్తోందమ్మా. ఇందాక నీళ్లు కావాలా అంటే ఏదో అంది, నాకు తెలియలేదు. నిద్ర మత్తేనా?"

నిద్ర మత్తే అనుకోవడానికి అన్ని కారణాలూ ఉన్నాయి. ముందు రోజు రాత్రి నిద్ర లేదు, ఆపరేషన్ అయింది, తెల్లవారుజామున నాలుగైంది. "పడుకోనివ్వమ్మా" అనే మాట నా నోటి దాకా వచ్చింది. ఎందుకో వంగి పిలిచాను. కళ్లు తెరవడానికి ప్రయత్నించింది, రెప్పలు సగం దాకా లేచి మళ్లీ వాలిపోయాయి. నిద్రలో ఉన్న మనిషి రెప్పలు అలా ఉండవు. నిద్రలో ఉన్నవాళ్లు పిలిస్తే ఒక్కసారిగా తెరుస్తారు, లేదంటే విసుక్కుని మూసుకుంటారు. ఈ పిల్ల తెరవాలని చూస్తోంది, తెరవలేకపోతోంది. "నా చెయ్యి గట్టిగా పట్టుకో తల్లీ" అన్నాను. వేళ్లు నా వేళ్ల మీద పడ్డాయి, బిగియలేదు.

అప్పుడు ఆ పెన్సిల్ చెరువు గుర్తొచ్చింది. ముందు తూము చూద్దామనుకున్నాను.

మంచం కింద యూరిన్ బ్యాగ్ వేలాడుతోంది. టార్చ్ వేసి చూశాను. 320 దగ్గర ఉంది. బాగానే ఉందే అనిపించింది. కేస్ షీట్ తీసి వెనక్కి చదివాను. పన్నెండింటికి 300. అంతకు ముందు ఎనిమిదింటికి 250. ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. తరవాత గుండె జారిపోయింది. ఆపరేషన్ నుంచి వచ్చినప్పటి మూత్రం ఆ బ్యాగ్‌లో అలాగే ఉంది. షిఫ్ట్ మారినప్పుడు ఎవరూ ఖాళీ చేయలేదు. ప్రతిసారీ బ్యాగ్ మీద కనిపించే అంకె రాసుకుంటూ పోయారు. ఎనిమిది నుంచి పన్నెండు దాకా వచ్చింది 50. పన్నెండు నుంచి నాలుగు దాకా వచ్చింది 20. ఎనిమిది గంటల్లో 70 మి.లీ. కనీసం 200 రావాల్సిన చోట.

పిల్లలూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆ చార్ట్‌లో ఒక్క అబద్ధం కూడా లేదు. 250 నిజం, 300 నిజం, 320 నిజం. రాసినవాళ్లు చూసిందే రాశారు. అయితే మనకు కావలసింది బ్యాగ్‌లో ఎంతుందో కాదు, ఈ నాలుగు గంటల్లో ఎంత వచ్చిందో. ఆ తీసివేత ఎవరూ చేయలేదు. 50 అని రాసి ఉంటే పన్నెండింటి డోసు ఆగిపోయేది. 300 అనే అంకె అందరికీ ధైర్యం ఇచ్చింది. మధ్యాహ్నం నుంచి లెక్క వేస్తే అప్పటికి ఆ సన్నటి ఒంట్లోకి 24 గ్రాములు వెళ్లాయి. పోయే దారేమో మూసుకుపోయింది. ఈ జబ్బే కిడ్నీలని దెబ్బతీస్తుంది, పైగా ఆపరేషన్‌లో కొంత నెత్తురు పోయింది. మన ఆడపిల్లల ఒడ్డూపొడుగుకి ఈ డోసు ఎక్కువేమో అన్న ఆలోచన ఇప్పటిది కాదు. బంగ్లాదేశ్‌లో ఢాకా పద్ధతి అని ఇంకా తక్కువ డోసుతో వచ్చింది కూడా అందుకే. అది డాక్టర్లు తేల్చుకోవలసిన విషయం, మళ్లీ కథలోకి వెళ్దాం.

రిఫ్లెక్స్ చూడాలి. హ్యామర్ లేదు. వార్డులో ఎప్పుడూ ఉండదు, ఉన్నా దొరకదు. స్టెతస్కోప్ గుండ్రటి తల అంచు వాడొచ్చని మా ట్యూటర్ చూపించింది. పడుకుని ఉన్న మనిషికి ఎలా చూడాలో మీరు బొమ్మలో చూసి ఉంటారు, చేసి ఉండరు. అందుకే నెమ్మదిగా చెబుతాను. ఎడమ చేతిని ఆమె మోకాలి కిందుగా పోనిచ్చి కాలిని కొంచెం పైకి ఎత్తాలి, మోకాలు వంగి, మడమ మంచానికి ఆని ఉండాలి. కాలి బరువంతా మన చేతి మీద పడాలి, ఆమె బిగబట్టకూడదు. మోకాలి చిప్ప కింద వేలితో తడిమితే మెత్తటి పల్లం తగులుతుంది, దాని మధ్యలో తాడులాంటి స్నాయువు ఉంటుంది. దాని మీద కొట్టాలి. కొట్టి, చూపు పాదం మీద పెట్టొద్దు. తొడ కండరం మీద చూపు ఉంచండి. కాలు లేవకపోయినా కండరం ఒక్కసారి చిటుక్కుమని బిగుస్తుంది, అది చాలు.

కొట్టాను. ఏమీ లేదు. చోటు తప్పానేమో అని మళ్లీ తడిమి కొట్టాను. లేదు. రెండో కాలు. లేదు. కేస్ షీట్‌లో మధ్యాహ్నం నాలుగింటికి డాక్టర్ రాసింది చూశాను. మోకాలి రిఫ్లెక్స్ మూడు ప్లస్‌లు అని ఉంది. ఈ జబ్బులో రిఫ్లెక్స్‌లు మామూలు కంటే చురుగ్గా ఉంటాయి. అంత చురుగ్గా ఉన్నది పూర్తిగా పోయింది.

మూడో మంచం దగ్గరికి పరుగెత్తాను. "సిస్టర్, పన్నెండో బెడ్‌కి మోకాలి రిఫ్లెక్స్ రావట్లేదు." సిస్టర్ చేతులు రెండూ ఆ బ్లీడింగ్ అమ్మాయి పొట్ట మీద ఉన్నాయి, గర్భసంచి గట్టిపడేలా మర్దన చేస్తోంది. తల తిప్పకుండానే అంది, "స్పైనల్ ఇచ్చారు కదమ్మా. స్పైనల్ ఉంటే కాళ్లల్లో రిఫ్లెక్స్ ఎక్కడొస్తుంది?"

ఆవిడ అన్నది తప్పు కాదు. ఈ మాట మీ పరీక్ష ప్రశ్నలో ఉండదు, వార్డులో మాత్రం తప్పకుండా ఎదురవుతుంది. వెన్నులో మత్తు ఇచ్చినప్పుడు నడుం కింద రిఫ్లెక్స్‌లు కొన్ని గంటలపాటు పోతాయి. ఆ సమయంలో మోకాలు చూసి లాభం లేదు. నేను మళ్లీ మంచం దగ్గరికి వచ్చి నిలబడ్డాను. చెమటలు పట్టాయి. సిస్టర్ చెప్పింది కదా, నేనేమో స్టూడెంట్‌ని. అయినా మనసు ఒప్పుకోలేదు. మత్తు ఇచ్చింది ఆరింటికి. ఇప్పుడు నాలుగు దాటింది. పది గంటలు. పైగా పన్నెండింటికి ఈ పిల్ల తనంతట తనే కాళ్లు ముడుచుకుంది, నేను చూశాను. అంటే మత్తు అప్పటికే దిగిపోయింది. దిగిన మత్తు మళ్లీ ఎక్కదు కదా.

చెయ్యి చూద్దామనుకున్నాను. వెన్నులో మత్తు చేతుల దాకా రాదు. మోచెయ్యి కొంచెం వంచి, లోపలి మడతలో కండరం తాడు మీద నా బొటనవేలు ఆనించి, ఆ వేలి మీద కొట్టాను. మామూలుగా అయితే వేలి కింద తాడు చటుక్కున లాగినట్టు తెలుస్తుంది. ఏమీ తెలియలేదు. రెండో చెయ్యి కూడా అంతే.

అప్పుడు శ్వాస లెక్కపెట్టాను. ఛాతీ మీద అరచెయ్యి పెట్టి, వాచీ చూస్తూ, పూర్తి నిమిషం. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించొద్దు. ఇంత నెమ్మదిగా ఉన్నప్పుడు ఒక్క శ్వాస అటూ ఇటూ అయితే లెక్కలో నాలుగు తేడా వస్తుంది. నిమిషానికి పది. పైపైన తీసుకుంటోంది, పొట్ట కొంచెం కదులుతోంది, అంతే. చార్ట్‌లో సాయంత్రం నుంచి 18, 18, 18 అని వరసగా ఉంది.

ఈసారి సిస్టర్ దగ్గరికి వెళ్లి రిఫ్లెక్స్ అనలేదు. "సిస్టర్, పన్నెండో బెడ్ శ్వాస పది. మోచేతి రిఫ్లెక్స్ కూడా లేదు. ఎనిమిది గంటల్లో యూరిన్ డెబ్బై. డోసు ఇవ్వలేదు, ట్రేలోనే ఉంది" అన్నాను. ఆవిడ నా ముఖంలోకి చూసింది. తన చెయ్యి తీసి ఆయా చేతిని ఆ పొట్ట మీద పెట్టి, "ఇలాగే రుద్దుతూ ఉండు" అని లేచింది. పీజీ మేడమ్ కూడా మా వెనకే వచ్చింది.

సిస్టర్ తనే మళ్లీ మోచెయ్యి చూసింది. ఒక్కసారే చూసింది. తల కిందికి దిండు సర్ది, ఆక్సిజన్ పెట్టమంది. పీజీ మేడమ్, "క్యాల్షియం గ్లూకోనేట్ ఎక్కడుంది?" అంది. మా వార్డులో లేదు. లేబర్ రూమ్ ఎమర్జెన్సీ ట్రాలీలో ఉంది. మెట్లు దిగి, వరండా దాటి పరుగెత్తాను. తెచ్చేసరికి నాలుగైదు నిమిషాలైంది. ఆ నాలుగైదు నిమిషాలూ సిస్టర్ ఊపిరి అందించే ఆంబూ బ్యాగ్ చేతిలో పట్టుకుని ఆ అమ్మాయి ఛాతీ వైపే చూస్తూ నిలబడిందని తరవాత చెప్పారు.

10 శాతం క్యాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ., అంటే ఒక గ్రాము. నరంలోకి మెల్లగా ఇచ్చింది పీజీ మేడమ్, పది నిమిషాలు తీసుకుంది. గబగబా తోసేస్తే గుండె వేగం పడిపోతుంది, అందుకే నన్ను నాడి పట్టుకుని గట్టిగా లెక్క చెబుతూ ఉండమంది.

క్యాల్షియమే ఎందుకంటే, నరం నుంచి కండరానికి కబురు వెళ్లాలంటే నరం చివరలోకి క్యాల్షియం దూరాలి. అది దూరితేనే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలవుతుంది, కండరం కదులుతుంది. మెగ్నీషియం ఆ గుమ్మంలో అడ్డం నిలబడుతుంది. కొద్దిగా ఉంటే పర్వాలేదు. ఎక్కువైతే ముందు రిఫ్లెక్స్ పోతుంది, రెప్పలు వాలతాయి, నాలుక బరువెక్కి మాట ముద్దగా వస్తుంది, చివరికి శ్వాస కండరాలు సోలిపోతాయి. రక్తంలో మెగ్నీషియం లీటరుకు 4 నుంచి 7 మిల్లీఈక్వివలెంట్లు ఉంటే మనకు కావలసిన పని జరుగుతుంది. 10 దగ్గరికి వస్తే రిఫ్లెక్స్ పోతుంది. 12 దాటితే శ్వాస ఆగే ప్రమాదం. మొదటి గుర్తుకీ ప్రాణం మీదికి రావడానికీ మధ్య ఎంత తక్కువ తేడా ఉందో చూశారా! ఆ నాలుగింటి సూది పడి ఉంటే ఏమయ్యేదో నేను వేరే చెప్పనక్కర్లేదు. ఆ టైమ్‌లో మెగ్నీషియం పరీక్ష చేసే ల్యాబ్ మా దగ్గర లేదు. రక్తం తీసి పంపినా రిపోర్ట్ మధ్యాహ్నానికి గానీ రాదు. మనకున్న ల్యాబ్ ఆ స్టెతస్కోప్ అంచు, ఆ వాచీ, ఆ తీసివేత లెక్క.

సూది మందు సగం వెళ్లేసరికి మార్పు కనిపించడం మొదలైంది. ఛాతీ కొంచెం పైకి లేస్తోంది. అయిపోయాక మళ్లీ నిమిషం లెక్కపెట్టాను, పద్నాలుగు. వాళ్లమ్మ ఈసారి చాప మీద లేదు, గోడకి ఆనుకుని నిలబడి చీర కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. సిస్టర్ ఆమె దగ్గరికి వెళ్లి, "మాట ముద్దగా వస్తోందని నువ్వు చెప్పావు చూడు, మంచి పని చేశావమ్మా" అంది. ఆమెకి ఆ మాట సరిగ్గా వినపడిందో లేదో గానీ, నాకు మాత్రం ఇప్పటికీ వినపడుతుంది.

అక్కడితో అయిపోలేదు. క్యాల్షియం పనిచేసేది కొద్దిసేపే. మెగ్నీషియం ఒంట్లోనే ఉంది, కిడ్నీ దాన్ని బయటికి పంపే వరకు మళ్లీ శ్వాస పడిపోవచ్చు. అందుకని పావుగంటకోసారి శ్వాస లెక్కపెట్టే పని నాకు అప్పగించారు. మంచం పక్కనే స్టూల్ వేసుకుని కూర్చున్నాను. అయిదింటికి పదమూడుకి దిగింది, పీజీ మేడమ్‌ని పిలిస్తే ఇంకో గ్రాము ఇచ్చింది. ఆరింటికి పదహారు. ఆక్సిజన్ పెట్టాక వేలికి తగిలించే మిషన్‌లో 98 కనిపిస్తూనే ఉంది, అయిదింటికి శ్వాస దిగినప్పుడు కూడా 98 చూపించింది. ఆక్సిజన్ మీద ఉన్న రోగి శ్వాస తగ్గుతున్నా ఆ అంకె చాలాసేపు బాగానే ఉంటుంది. దాన్ని చూసి స్టూల్ మీంచి లేవకండి.

బీపీ కూడా మధ్యమధ్యలో చూస్తూనే ఉన్నారు. మెగ్నీషియం ఆపేశాం కాబట్టి ఫిట్స్ వస్తాయేమో అన్న భయం ఒక పక్క ఉండనే ఉంది. అటు ఫిట్స్, ఇటు శ్వాస, రెండింటి మధ్య ఆ తెల్లవారుజాము గడిచింది. మూడో మంచం అమ్మాయికి కూడా బ్లీడింగ్ అదుపులోకి వచ్చిందని ఆయా వచ్చి చెప్పింది.

ఆరున్నరకి మోచెయ్యి మళ్లీ చూశాను. బొటనవేలి కింద తాడు సన్నగా లాగింది. సరిగ్గా తెలిసిందా, నా ఊహా అని రెండోసారి కొట్టాను. లాగింది. ఏడింటికి ఆ అమ్మాయి కళ్లు పూర్తిగా తెరిచి వాళ్లమ్మని చూసి, "పాప ఏదే?" అంది. మాట స్పష్టంగా ఉంది.

ఎనిమిదింటికి పగటి డ్యూటీ వాళ్లు వచ్చారు. హ్యాండోవర్ మామూలుగా బల్ల దగ్గర జరుగుతుంది. ఆ రోజు సిస్టర్ అందరినీ పన్నెండో మంచం దగ్గరికి తీసుకెళ్లింది. రాత్రి జరిగింది చెప్పింది, పన్నెండింటి డోసు ముందు తను తీసివేత చేసి చూడలేదని కూడా చెప్పింది. నా ట్రేలోని సిరంజి చూపించింది. తెల్లవారుజామున నేను నింపిన పది మి.లీ. అందులో అలాగే ఉంది. తరవాత నన్ను యూరిన్ బ్యాగ్ ఖాళీ చేయమంది. కొలిచాను, 410. ఏడింటి నుంచి మూత్రం మళ్లీ రావడం మొదలైంది. చార్ట్‌లో ఆ 410 రాసి, దాని కింద కొత్త వరస మొదలుపెట్టి, ఎనిమిది గంటలకు సున్నా అని రాయించింది. వెళ్తూ వెళ్తూ స్టోర్ తాళాలు తీసి, రెండు క్యాల్షియం గ్లూకోనేట్ ఆంపుల్స్ తెచ్చి, మెగ్నీషియం డబ్బా మూత లోపలివైపు ప్లాస్టర్‌తో అతికించింది.